మూడు పక్కలా 18 అడుగులే: మేస్త్రి లెక్క 162, అమ్మాయి లెక్క 140

"మాస్టారూ, మాది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. ఇంటి ముందు రోడ్డు రెండుగా చీలే చోట ముక్కోణం జాగా ఉంది. టైల్స్ వేయించి చుట్టూ చిన్న గోడ కట్టిద్దామనుకుంటున్నాం. మూడు పక్కలూ టేపు పెట్టి కొలిస్తే సరిగ్గా 18 అడుగులే. మేస్త్రి 162 చదరపు అడుగులు అన్నారు. పదో తరగతి చదివే మా అమ్మాయి 140 అంటోంది. రూట్ మూడు ఎక్కడ నుంచి వచ్చిందే అంటే ఫార్ములా నాన్నా అంటుంది. కూలీ, టైల్స్ కలిపి చదరపు అడుగుకి 60 రూపాయలు మాట్లాడుకున్నాం. ఎవరి లెక్క రైటు? గోడ ఎన్ని అడుగులు వస్తుంది?"

మీ అమ్మాయి లెక్కే రైటు. కొంచెం ముందుకి వెళ్తే 140.3 చదరపు అడుగులు. చుట్టుకొలత 18 మూడుసార్లు, అంటే 54 అడుగులు. గోడ పొడవు కూడా అంతేనా అంటే అందులో చిన్న మెలిక ఉంది, చివర్లో చెబుతాను. డబ్బుల్లో చూస్తే మేస్త్రి లెక్కకి 9,720 రూపాయలు, అమ్మాయి లెక్కకి 8,418. తేడా 1,302 రూపాయలు.

అలాగని మేస్త్రి మోసం చేశాడనుకోకండి. ఆయన 162 గాల్లోంచి తీయలేదు. నాలుగు పక్కల జాగా కొంచెం వంకరగా ఉంటే మన ఊళ్లలో ఎలా కొలుస్తారో మీరు చూసే ఉంటారు. ఎదురెదురు పక్కలు కూడి సగం చేస్తారు, ఒకటి పొడవు, ఒకటి వెడల్పు, రెండూ గుణిస్తారు. మీ జాగాకీ ఆయన అదే చేశాడు. ఈ పక్క 18, ఆ పక్క 18, సగటు పొడవు 18. కింద వెడల్పు 18, పైన మొనదేలి సున్నా, సగటు వెడల్పు 9. 18 ఇంటూ 9, నూట అరవై రెండు. ఇది చాలా పాత లెక్క. 628లో బ్రహ్మగుప్తుడు మూడు పక్కల, నాలుగు పక్కల ఆకారాలకి ఈ పద్ధతే చెప్పి, దానికి స్థూల ఫలం అని పేరు పెట్టాడు. అంటే ఉజ్జాయింపు అని ఆయనే ఒప్పుకున్నాడు. కచ్చితమైన లెక్కకి సూక్ష్మ ఫలం అని వేరే సూత్రం ఇచ్చాడు. మీ ఇంట్లో తగువు ఈ స్థూలానికీ సూక్ష్మానికీ మధ్యనే.

ఇప్పుడు ఆ స్థూలంలో తప్పు ఎక్కడుందో పట్టుకుందాం. సగటు వెడల్పు 9 అన్నది తప్పు కాదు. కింద 18తో మొదలై పైకి వెళ్లేకొద్దీ ఒకే తీరుగా తగ్గుతూ సున్నాకి చేరుతుంది కాబట్టి సగటు 9 సరిగ్గా సరిపోతుంది. తప్పంతా పొడవులో ఉంది. వెడల్పు అడ్డంగా కొలిచినప్పుడు పొడవు దానికి నిటారుగా కొలవాలి. ఆయన ఏటవాలుగా ఉన్న పక్క వెంట కొలిచాడు. రామతీర్థంలో బోడికొండ మెట్ల దారి ఎంత పొడవుందో కొండ ఎత్తు కూడా అంతే అని ఎవరూ అనరు కదా. ఏటవాలు ఎప్పుడూ నిలువు కంటే పొడుగే. నాలుగు పక్కల జాగాలో పక్కలు దాదాపు నిలువుగానే ఉంటాయి కాబట్టి ఈ తేడా పెద్దగా తెలియదు. మీ జాగాలో పక్కలు బాగా వాలి ఉన్నాయి, అందుకే బయటపడింది.

కాబట్టి మనకి కావలసింది ఒక్కటే, ఆ నిలువు కొలత. కింది పక్క నుంచి ఎదురుగా ఉన్న మూలకి నిటారుగా ఎంత దూరం? అదే త్రిభుజం ఎత్తు.

ఒక కాగితం మీద మూడు పక్కలూ సమానంగా ఉన్న త్రిభుజం గీసి కత్తిరించండి. పై మూల మీదుగా నిలువుగా మడవండి. రెండు సగాలూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చుంటాయి. మడత గీత కింది పక్కని నడిమధ్యలో తాకుతుంది. దీనికి కారణం ఉంది. మడతకి అటూ ఇటూ ఉన్న రెండూ లంబకోణ త్రిభుజాలే. రెండింటికీ మడత గీత ఉమ్మడి, రెండింటికీ కర్ణం 18. రెండు భుజాలు ఒకటే అయినప్పుడు మూడోది వేరుగా ఉండే వీల్లేదు. అంటే మీ జాగాలో కింది పక్క మధ్య బిందువు 9 అడుగుల దగ్గర ఉంది, ఎత్తు గీత సరిగ్గా అక్కడికి దిగుతుంది.

ఇప్పుడు సగం త్రిభుజమే చూడండి. అడుగున 9, ఏటవాలు పక్క 18, నిలువు ఎంతో తెలియదు. ఇక్కడే పైథాగరస్ వస్తాడు. మీ మేస్త్రికి కూడా ఈ సిద్ధాంతం బాగా తెలుసు, పేరే తెలియకపోవచ్చు. పునాది మార్కింగ్ చేసేటప్పుడు మూల సరిగ్గా ఉందో లేదో చూడడానికి ఒక వైపు 3 అడుగులు, ఇంకో వైపు 4 అడుగులు గుర్తు పెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య 5 వచ్చిందా అని చూస్తాడు కదా, అదే ఇది. మూడు మూళ్లు తొమ్మిది, నాలుగు నాలుగులు పదహారు, కలిపితే ఇరవై అయిదు, అంటే అయిదు అయిదులు. ఆయన రెండు చిన్న పక్కలు తెలిసి పెద్దది చూస్తాడు. మనకి పెద్దది తెలుసు, ఒక చిన్నది తెలుసు, రెండో చిన్నది కావాలి. కాబట్టి కూడిక కాదు, తీసివేత.

18 × 18 = 324
9 × 9 = 81
324 − 81 = 243

ఎత్తుని ఎత్తుతో గుణిస్తే 243 రావాలి. అయితే ఎత్తు ఎంత? కాలిక్యులేటర్ లేకపోయినా పరవాలేదు. 15 పదిహేనులు 225, తక్కువైంది. 16 పదహారులు 256, ఎక్కువైంది. 15.5 వేసి చూస్తే 240.25, ఇంకా కొంచెం తక్కువ. 15.6 వేస్తే 243.36, ఒక్క పిసరు ఎక్కువ. కాబట్టి ఎత్తు 15.6కి ఒక్క పిసరు తక్కువ. కచ్చితంగా కావాలంటే 15.588. టైల్స్ పనికి 15.59 అనుకుంటే చాలు.

మేస్త్రి లెక్కలో 18 ఉన్నచోట ఇది పెట్టండి. 9 ఇంటూ 15.59, నూట నలభై పాయింట్ మూడు. అయిపోయింది. ఆయన పద్ధతే, ఒక్క అంకె మారింది.

గజాల్లో చెప్పమంటే 9తో భాగించాలి, మళ్లీ 15.59 వస్తుంది. ఎత్తు అంకే మళ్లీ వచ్చిందేమిటని కంగారు పడకండి. పక్క 18 అవడం వల్ల దాని సగం 9 అయింది, చదరపు గజానికి కూడా 9 చదరపు అడుగులే, అందుకని కలిసొచ్చింది. పక్క 20 అయితే ఇలా రాదు.

ఇక మీ అమ్మాయి రూట్ మూడు సంగతి. 18 బదులు ఏ పక్కైనా పెట్టి చూడండి, దాన్ని a అందాం. సగం పక్క a/2. సగం పక్క మీద కట్టిన చదరం, పూర్తి పక్క మీద కట్టిన చదరంలో పావు వంతు. (సగం కాదు. 81 నాలుగుసార్లు వేస్తే గానీ 324 కాదు, చూసుకోండి.) పైథాగరస్ చెప్పినట్టు పూర్తి చదరంలోంచి ఆ పావు తీసేస్తే మిగిలేది ముప్పావు. రూపాయిలోంచి పావలా తీస్తే ముప్పావలా మిగిలినట్టే. ఆ ముప్పావులో ఉన్న మూడే ఫార్ములాలో రూట్ కింద కూర్చున్న మూడు. మిగిలినదంతా దాని వెనకే వస్తుంది:

ఎత్తు² = a² − (a/2)² = 3a²/4
ఎత్తు = (√3/2) × a
వైశాల్యం = ½ × a × (√3/2) × a = (√3/4) × a²
చుట్టుకొలత = 3a

√3 అంటే సుమారు 1.732. కాబట్టి ఎత్తు పక్కలో 0.866 వంతు, వైశాల్యం పక్క వర్గంలో 0.433 వంతు. 324ని 0.433తో గుణిస్తే 140.3 వస్తుంది, సరిపోయింది. మీ మేస్త్రి ఇకమీద కూడా పాత పద్ధతే వాడతానంటే వాడనివ్వండి, చివర్లో 0.866తో గుణించుకోమనండి. 162 ఇంటూ 0.866 మళ్లీ 140.3 దగ్గరికే వస్తుంది. మూడు పక్కలూ సమానమైన జాగా ఎంత చిన్నదైనా, ఎంత పెద్దదైనా, ఆ స్థూల లెక్క ప్రతి వందకీ పదిహేనున్నర ఎక్కువ చూపిస్తుంది.

ముప్పావు అన్నాను కదా అని ఎత్తు కూడా పక్కలో ముప్పావు అనుకునేవాళ్లు ఉంటారు. నా క్లాసులో ప్రతి ఏడూ నలుగురైదుగురు 13.5 రాసేవాళ్లు. ముప్పావు అయింది ఎత్తు కాదు, ఎత్తు వర్గం. వర్గమూలం తీశాకే ఎత్తు వస్తుంది. ఇంకో తప్పు, తీసెయ్యాల్సిన చోట కూడడం. 324కి 81 కలిపితే 405, దాని వర్గమూలం సుమారు 20.1. ఇది చూడగానే తెలిసిపోవాలి, నిలువు ఎప్పుడూ ఏటవాలు కంటే తక్కువే ఉండాలి, 18 పక్కకి 20 ఎత్తు ఎలా వస్తుంది? ఎత్తు పక్క కంటే ఎక్కువ వచ్చినా, పక్కలో సగం కంటే తక్కువ వచ్చినా ఎక్కడో పొరపాటు జరిగిందన్నమాట.

అసలు ఈ ఎత్తు కాగితం మీద కాకుండా నేల మీదే చూసుకోవచ్చు. ఒక పక్కన 9 అడుగుల దగ్గర మేకు కొట్టి, అక్కడి నుంచి ఎదురు మూలకి టేపు లాగండి. 15 అడుగుల 7 అంగుళాలు రావాలి. వచ్చిందా, లెక్క సరే. ఇక్కడ జాగ్రత్తగా ఉండాల్సింది పాయింటు దగ్గర. 15.59 అడుగులు అంటే 15 అడుగుల 5.9 అంగుళాలు కాదు. పాయింటు తర్వాత ఉన్న 0.59ని 12తో గుణిస్తేనే అంగుళాలు, అంటే 7.

ఈ పాయింటు నన్నూ ఒకసారి ముంచింది. నేను పనిచేసిన ఒక బడిలో జెండా కర్ర చుట్టూ ముక్కోణం దిమ్మ కట్టిద్దామని పక్క 8 అడుగులు పెట్టుకున్నాం. ఎత్తు 6.93 వచ్చింది. నేను గొప్పగా మేస్త్రితో "ఆరు పాయింట్ తొమ్మిది" అన్నాను. ఆయన 6 అడుగుల 9 అంగుళాలు పెట్టాడు. నిజానికి కావలసింది 6 అడుగుల 11 అంగుళాలు. రెండంగుళాలేగా అనుకుంటాం, కానీ మొన కిందికి జారేసరికి రెండు ఏటవాలు పక్కలూ 7 అడుగుల 10 అంగుళాలయ్యాయి. 8 అడుగులకి కోయించి తెచ్చిన అంచు రాళ్లు మూల దగ్గర ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. తప్పు నాదే, మేస్త్రిది కాదు. అప్పటి నుంచి పని జరిగే చోట పాయింట్లు నోటితో చెప్పడం మానేశాను, అడుగులు అంగుళాలే.

మీరు మూడు పక్కలూ కొలిచి ఊరుకున్నారు, మూలలు చూడలేదు. అది సరిపోతుందా అంటే సరిపోతుంది. నాలుగు పక్కలూ సమానమైనంత మాత్రాన చతురస్రం కాదు, పక్కకి ఒరిగి ఉండొచ్చు, అందుకే మేస్త్రీలు కర్ణం కూడా కొలుస్తారు. మూడు పక్కల ఆకారానికి ఆ వంకరపోయే వీలు లేదు. మూడు పొడవులూ ఖాయమైతే ఆకారం ఖాయం. ఒకవేళ మళ్లీ కొలిస్తే ఒక పక్క 17, మిగిలినవి 18 అని తేలిందనుకోండి, అప్పుడు 0.433 వాడకూడదు. ఆ 17 పక్కని అడుగున పెట్టుకుంటే ఎత్తు మధ్యకే దిగుతుంది, సగం పక్క 8.5తో పైథాగరస్ చేసుకోవచ్చు. మూడూ మూడు రకాలుగా ఉంటే మాత్రం ఎత్తు మధ్యకి దిగదు. అప్పుడు నేల మీదే మూలమట్టంతో నిటారు చూసుకుని, ఎత్తు టేపుతో కొలిచి, అడుగు పక్కలో సగంతో గుణించడం మేలు.

ఇప్పుడు గోడ మెలిక. మీ 18 అడుగులు ఎక్కడి నుంచి ఎక్కడికి? జాగా అంచు నుంచి అంచుకి కొలిచారనుకుంటాను. గోడ ఆ అంచుకి లోపల కడతారా, బయట కడతారా? రోడ్డు పక్కన కాబట్టి లోపలే కట్టాలి. చిన్న గోడ అన్నారు కాబట్టి నాలుగున్నర అంగుళాల గోడ అనుకుందాం. అప్పుడు టైల్స్ పడేది గోడ లోపలి త్రిభుజంలోనే. నాలుగున్నర అంగుళాలు తగ్గితే ఏమంత తగ్గుతుందిలే అనిపిస్తుంది. చాలా తగ్గుతుంది, ఎందుకో చూడండి.

త్రిభుజం నడిబొడ్డున ఒక బిందువు పెట్టి, మూడు మూలలకీ గీతలు గీస్తే మూడు సమానమైన ముక్కలవుతాయి. ఒక్కో ముక్కకి అడుగు పక్క 18, వైశాల్యం మొత్తంలో మూడో వంతు. అడుగు మారకుండా వైశాల్యం మూడో వంతైతే ఎత్తు కూడా మూడో వంతే. అంటే నడిబొడ్డు నుంచి ఏ పక్కకైనా నిలువు దూరం 15.59లో మూడో వంతు, సుమారు 5.2 అడుగులు. లోపల గోడ కడితే నడిబొడ్డు కదలదు, మూడు పక్కలూ దాని వైపు నాలుగున్నర అంగుళాలు జరుగుతాయి. మొత్తం ఎత్తు ఆ దూరానికి మూడు రెట్లు కాబట్టి ఎత్తు మూడు నాలుగున్నరలు, పదమూడున్నర అంగుళాలు తగ్గుతుంది. పదమూడున్నర అంగుళాలంటే 1.125 అడుగులు. కొత్త ఎత్తు 15.59 − 1.125, సుమారు 14.46 అడుగులు. కొత్త పక్క కావాలంటే 0.866తో భాగించాలి, 16.7 అడుగులు. వైశాల్యం సగం పక్క 8.35 ఇంటూ 14.46, దాదాపు 121 చదరపు అడుగులు. మీకు టైల్స్ బిల్లు రావలసింది దీని మీద, సుమారు 7,250 రూపాయలు.

గోడ పొడవు కూడా ఇక్కడే తేలుతుంది. బయటి అంచు వెంట 54 అడుగులు, లోపలి అంచు వెంట 50 అడుగుల పైచిలుకు. ఇటుకలు లెక్కేసేటప్పుడు గోడ నడిమి గీత వెంట చూడాలి, అది సుమారు 52 అడుగులు. 54 మీద ఇటుకలు లెక్కేస్తే మూలల దగ్గర ఉన్నవి రెండుసార్లు లెక్కకొస్తాయి.

టైల్స్ విషయంలో ఒక్క మాట. మూలలు 60 డిగ్రీలు కాబట్టి చదరపు టైలు అంచుల్లో కోయక తప్పదు. వరసలు ఒక గోడకి సమాంతరంగా వేయించండి, అప్పుడు కోత రెండు పక్కలే పడుతుంది. అడ్డదిడ్డంగా మొదలెడితే మూడు పక్కలా కోతే. కోతలో పోయే ముక్కల కోసం నాలుగు టైల్స్ ఎక్కువ కొనాల్సి వస్తుంది, అది న్యాయమే. కానీ ఆ వృథాని వైశాల్యంలో కలిపి 162 అంటే ఒప్పుకోకండి. వృథా ఎన్ని టైల్స్ అయిందో కోసిన ముక్కలు చూపించి విడిగా రాయమనండి. పని మొదలెట్టే ముందు గోడకి తాడు కట్టగానే లోపలి వైపు నిలబడి, ఒక గోడ మధ్య నుంచి ఎదురు మూలకి టేపు పట్టుకోండి. 14 అడుగుల 5½ అంగుళాలు వస్తే 121కే బేరం ఖాయం చేసుకోండి.